పీహెచ్‌డీ వైవాలో మీ థీసిస్ లోపాల మీదే ప్రశ్నలు వస్తే ఏం చెప్పాలి?

ప్రశ్న: "నాది అర్థశాస్త్రంలో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ. డ్వాక్రా సంఘాల వల్ల గ్రామీణ మహిళల ఆదాయం ఎంత పెరిగిందన్నది అంశం. కోస్తాలో ఒక జిల్లా, 16 గ్రామాలు, 320 మంది సభ్యులు, 2019 ఏప్రిల్, మే నెలల్లో సర్వే. చేరకముందు నెలకు సగటున 4,000 ఉన్న ఆదాయం 7,000 అయిందని తేలింది. సంఘంలో లేనివాళ్లను సర్వే చేయలేదు. రిపోర్టులు వచ్చేశాయి, వచ్చే నెల వైవా. లోపాలు ఎక్కడున్నాయో నాకే కనిపిస్తున్నాయి. వాటి మీద గట్టిగా అడిగితే ఎలా? నేనే ముందుగా ఒప్పుకోవాలా?"

అడిగిన వెంటనే ఒప్పుకోండి, అయితే ఆ ఒప్పుకోలు ఒక్క వాక్యంలో ముగిసిపోవాలి. ఆ తర్వాత మూడు సంగతులు చెప్పగలగాలి: ఆ లోపం మీ ఫలితాన్ని పెంచి చూపిస్తోందా, తగ్గించి చూపిస్తోందా; సుమారుగా ఎంత మేరకు; దాన్ని లెక్కలోకి తీసుకున్నాక కూడా నిలబడే మాట ఏది. ఈ మూడింటికీ కాగితం మీద జవాబు రాసుకోగలిగిన లోపం గురించి దిగులు అక్కర్లేదు. రాసుకోలేకపోయినదే వైవాలో మిమ్మల్ని నిలదీస్తుంది, కాబట్టి మిగిలిన సమయమంతా దానికే కేటాయించండి. ఇక మీ అంతట మీరే ముందుగా చెప్పడం విషయానికి వస్తే, అన్నిటికన్నా పెద్ద లోపం ఒక్కదాన్ని మాత్రం ప్రజెంటేషన్‌లో ఫలితాలు చూపించేటప్పుడే చెప్పండి, మిగిలినవి అడిగినప్పుడు చెబితే చాలు. వరుసపెట్టి అన్నీ మీరే చెప్పుకుంటూ పోతే గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఉంటుంది.

నేను అర్థశాస్త్రంలో చాలాకాలం గైడ్‌గా ఉన్నాను, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎక్స్‌టర్నల్‌గా థీసిస్‌లు చదివాను. అందువల్ల బల్లకు అవతలి వైపు కూర్చున్న మనిషి ఏం చూస్తాడో, ఎక్కడ ఆగుతాడో అన్న దృష్టితోనే మీ థీసిస్ గురించి మాట్లాడతాను.

మొదట రిపోర్టులు చదవండి. యూజీసీ నిబంధనల ప్రకారం మీ గైడ్ కాక కనీసం ఇద్దరు బయటి ఎగ్జామినర్లు థీసిస్ చదువుతారు, వారిలో కనీసం ఒకరు వైవా బోర్డులో కూర్చుంటారు. రిపోర్టుల్లోని విమర్శలను ఆధారం చేసుకుని వైవా జరగాలని 2016 నిబంధనల్లోనే ఉంది. అంటే సగం ప్రశ్నాపత్రం ఇప్పటికే మీ చేతిలో ఉంది. మనవాళ్లు రిపోర్టులను మర్యాదగా రాస్తారు కాబట్టి స్కాలర్లు అందులోని పొగడ్తలు చదివి ఊపిరి పీల్చుకుని, మెత్తగా రాసిన వాక్యాలను దాటేస్తారు. "నమూనా ఎంపికను మరికొంత వివరించి ఉంటే బాగుండేది" అని ఎక్స్‌టర్నల్ రాశారంటే, నమూనా మీద ఆయనకు నమ్మకం కలగలేదని అర్థం, వైవాలో మొదటి ప్రశ్న దాదాపు అదే అవుతుంది. "ఆసక్తికరమైన ఫలితాలు" అని మాత్రమే రాసి వదిలేస్తే, వాటిని ఆయన ఇంకా ఒప్పుకోలేదనుకోండి. ఇలాంటి వాక్యాలన్నిటినీ రెండు రిపోర్టుల నుంచీ విడిగా ఎత్తి రాసుకుని, ఒక్కోదాని పక్కన థీసిస్‌లో సంబంధించిన పేజీ సంఖ్య వేయండి.

తర్వాత చివరి అధ్యాయం తీయండి. చాలామంది తయారయ్యేటప్పుడు మొదటి అధ్యాయం నుంచి మొదలుపెట్టి సాహిత్య సమీక్ష దగ్గరే అలసిపోతారు. ఎగ్జామినర్ మాత్రం ముగింపులో మీరు ఏం తేల్చారో చూసి, అక్కడి నుంచి వెనక్కి వస్తూ దానికి ఆధారం ఎక్కడుందని వెతుకుతాడు. మీ ప్రశ్నను బట్టి చూస్తే ముగింపులో ఇలాంటి వాక్యం ఉండి ఉంటుంది: "స్వయం సహాయక సంఘంలో చేరడం వల్ల గ్రామీణ మహిళల ఆదాయం 75 శాతం పెరిగింది." ఈ ఒక్క వాక్యంలో మీరు మూడు విషయాలకు పూచీ పడుతున్నారు. పెరుగుదల 75 శాతమేనని, దానికి కారణం సంఘమేనని, ఇది మీ 320 మందికే కాక గ్రామీణ మహిళలందరికీ వర్తిస్తుందని. కఠినమైన ప్రశ్నలన్నీ ఈ మూడింటి చుట్టూనే తిరుగుతాయి.

75 శాతం నిలబడుతుందా? ఇది అన్నిటికన్నా సులువైన ప్రశ్న, అయినా ఎక్కువమంది తడబడేది ఇక్కడే. చేరినప్పటి 4,000కీ 2019 నాటి 7,000కీ మధ్య కొన్నేళ్లు గడిచాయి, ఆ ఏళ్లలో ధరలు పెరిగాయి. థీసిస్‌లో ధరల సర్దుబాటు చేయకపోతే ఎక్స్‌టర్నల్ అడిగే మొదటి మాట, "ఇది నామమాత్రపు ఆదాయమా, నిజ ఆదాయమా?" అని. కార్మిక బ్యూరో నెలనెలా ప్రకటించే వ్యవసాయ కార్మికుల వినియోగదారుల ధరల సూచీ రాష్ట్రాల వారీగా దొరుకుతుంది. అందరూ ఒకే ఏడాది చేరి ఉండరు కాబట్టి ఒక్కొక్కరి పాత ఆదాయాన్ని వారు చేరిన సంవత్సరం సూచీతో విడిగా సరిచేయాలి, సగటు మీద ఒక్కసారి చేస్తే కుదరదు. ఎక్సెల్‌లో ఇది ఒక పూట పని.

లెక్క ఎలా మారుతుందో చూడండి. ధరలు మొత్తం మీద 40 శాతం పెరిగాయనుకుందాం, అసలు అంకె మీ డేటాతో మీరే తేల్చుకోవాలి. అప్పటి 4,000 సర్వే నాటి 2019 ధరల్లో 5,600 అవుతుంది. 5,600 నుంచి 7,000 వరకు పెరుగుదల 1,400, అంటే 25 శాతం. మీకు కనిపించిన 3,000 పెరుగుదలలో 1,600 ధరల వాటా అన్నమాట.

దీని వెనకే ఇంకొకటి ఉంది. మీ సర్వే జరిగిన సమయం చూడగానే నా కళ్లు అక్కడే ఆగాయి. 2019 ఎన్నికలకు ముందు ఆంధ్రప్రదేశ్‌లో పసుపు–కుంకుమ కింద సంఘ సభ్యులు ఒక్కొక్కరికి 10,000 రూపాయలు మూడు చెక్కులుగా ఇచ్చారు. మీరు ఏప్రిల్, మే నెలల్లో అడిగారు. ఆ సొమ్ము ఆదాయంలో కలిసిందా, లేదా? ఇప్పుడే మీ ప్రశ్నావళి తీసి ఆదాయం ప్రశ్న చదవండి. "నెలకు సాధారణంగా ఎంత సంపాదిస్తారు" అని అడిగి ఉంటే ఆ సొమ్ము కలిసే అవకాశం తక్కువ. "గత 12 నెలల్లో అన్ని మార్గాల నుంచి వచ్చిన మొత్తం" అని అడిగి 12తో భాగించి ఉంటే, నెలకు 833 రూపాయల దాకా అందులో చేరి ఉండవచ్చు. పూర్తిగా చేరిందనుకుంటే 7,000 కాస్తా 6,167 అవుతుంది, 5,600తో పోలిస్తే పెరుగుదల సుమారు 10 శాతం.

ఇప్పుడు వైవాలో మీ జవాబు ఇలా ఉండవచ్చు: "నిజమే సార్, 75 శాతం అన్నది ధరల పెరుగుదలను తీసివేయని అంకె. సూచీతో సరిచేస్తే అది సుమారు 25కి తగ్గుతుంది. 2019లో అందిన ప్రభుత్వ సొమ్మును అందరూ కలిపి చెప్పారనుకున్నా 10కి దిగువకు పోదు. అందువల్ల నిజ ఆదాయం కొంత పెరిగిందని చెప్పగలను, 75 శాతం పెరిగిందని చెప్పలేను." ఇందులో క్షమాపణ లేదు, వాదన కూడా లేదు. ఇంత స్పష్టంగా చెప్పాక ఆ అంశం మీద ఇంకా పొడిగించే ఎగ్జామినర్‌ను నేను పెద్దగా చూడలేదు. "మరి థీసిస్‌లో ఎందుకు చేయలేదు?" అని అడిగితే, చేసి ఉండవలసిందని ఒక్క ముక్కలో చెప్పి, బోర్డు అనుమతిస్తే అంతిమ ప్రతిలో ఆ పట్టిక కిందనే చేరుస్తానని అనండి.

పాత ఆదాయాన్ని జ్ఞాపకం మీద చెప్పించారు కాబట్టి దాని విశ్వసనీయత గురించి కూడా అడుగుతారు. ఇక్కడ మీ డేటానే మీకు సాక్ష్యం చెబుతుంది. చేరకముందు ఆదాయం వరుసను చిన్నది నుంచి పెద్దదానికి అమర్చి చూడండి. 3,000, 4,000, 5,000 లాంటి గుండ్రటి అంకెల దగ్గరే జవాబులు గుమికూడి ఉంటే వాళ్లు అంచనా చెప్పారు గానీ లెక్క చెప్పలేదని అర్థం. ఇటీవల చేరినవారిలో ఈ గుమికూడటం తక్కువగా, ఎప్పుడో చేరినవారిలో ఎక్కువగా ఉందా అని చూడండి. అలా ఉంటే మూడేళ్ల లోపు చేరినవారి జవాబులను ఎక్కువగా నమ్మవచ్చని, వారి వరకే చూసినా ఫలితం ఇదే దిశలో ఉందో లేదో చెప్పవచ్చు. సర్వే ఎక్కడ చేశారన్నది కూడా గుర్తు పెట్టుకోండి. సంఘం సమావేశంలో లీడరు, బుక్ కీపరు వింటుండగా అడిగిన జవాబు వేరు, ఇంటి అరుగు మీద కూర్చుని అడిగింది వేరు. ఈ ప్రశ్న ఎప్పుడో ఒకసారి వస్తుంది, దానికి దాటవేత పనికిరాదు.

కారణం సంఘమేనా? మీ అసలు కష్టం ఇక్కడుంది, ఎక్కువ సమయం దీని మీదే పెట్టండి. సభ్యులు కానివారితో పోలిక లేదు కాబట్టి, సంఘం లేకపోయినా ఆ ఆదాయం పెరిగేదేమో చెప్పే ఆధారం మీ దగ్గర లేదు. అదే కాలంలో ఉపాధి హామీ పనులు ఉన్నాయి, కూలి రేట్లు పెరిగాయి, పిల్లలు ఎదిగి సంపాదనలో పడ్డారు. పైగా సంఘంలో చేరేవారు మొదటి నుంచే కాస్త చొరవ ఉన్నవారు కావచ్చు. ఇంకో సూక్ష్మమైన సంగతి ఏమిటంటే, పంట పోయిన ఏడాది ఇబ్బందుల్లో పడి అప్పు కోసం సంఘంలో చేరినవారు ఉంటే, వారి "చేరకముందు" ఆదాయం మామూలు కన్నా తక్కువగా నమోదవుతుంది. మరుసటి ఏడాది వర్షం పడితే ఆ ఆదాయం తనంతట తానే కోలుకుంటుంది, ఆ మెరుగుదల మాత్రం సంఘం ఖాతాలో పడుతుంది. వీటిలో చాలావరకు మీ ఫలితాన్ని పెంచి చూపించేవే. కాబట్టి దిశ అడిగితే, "నా అంచనా అసలు ప్రభావం కన్నా ఎక్కువగా ఉండే అవకాశమే హెచ్చు" అని నిస్సంకోచంగా చెప్పండి.

దీనికి స్కాలర్లు తరచు ఇచ్చే జవాబు, "సార్, పెయిర్డ్ టి–టెస్ట్ చేశాను, ఒక శాతం స్థాయిలో ప్రాముఖ్యత వచ్చింది" అని. ఈ జవాబు ఇవ్వకండి. ముందుకూ తర్వాతకూ తేడా యాదృచ్ఛికం కాదని మాత్రమే టి–టెస్ట్ చెబుతుంది, ఆ తేడాకు కారణం ఎవరో దానికి తెలియదు. ఎగ్జామినర్ కారణం గురించి అడిగినప్పుడు మీరు టి–విలువ చెబితే, ఆ రెండింటి మధ్య తేడా మీకు తెలియదని ఆయన నోట్ చేసుకుంటాడు, అక్కడి నుంచి ప్రశ్నలు గణాంక శాస్త్రం మౌలికాల వైపు మళ్లుతాయి. వైవాలు దారి తప్పడం నేను ఎక్కువగా చూసింది ఇలాంటి మలుపుల్లోనే.

పోలిక సమూహం ఎందుకు తీసుకోలేదని అడిగితే మీకు నిజమైన కారణం ఒకటి ఉండవచ్చు. ఆంధ్రలో 2000 తర్వాత గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ సెర్ప్ కింద సంఘాలు ఊరూరా విస్తరించాయి. చాలా గ్రామాల్లో పేద మహిళల్లో అత్యధికులు సభ్యులే. మిగిలినవారు వలసపోయే కుటుంబాలో, సంఘం అవసరం లేనంత కలిగినవాళ్లో అయి ఉంటారు. అలాంటివారిని పోలికకు తీసుకుంటే పోలికే తప్పుదారి పట్టించేది. మీ గ్రామాల్లో పరిస్థితి నిజంగా ఇదే అయితే, గ్రామ సమాఖ్య లెక్కల్లో సభ్యత్వం ఎంత శాతమో అంకెతో చెప్పండి. అంకె లేకుండా చెబితే సాకులా వినిపిస్తుంది.

ఇక్కడ మీరు తప్పక చదివి వెళ్లవలసిన పని ఒకటి ఉంది. ఆంధ్రప్రదేశ్ సంఘాల మీదే ప్రపంచ బ్యాంకు పరిశోధకులు క్లాస్ డైనింగర్, యాన్యాన్ లియు 2009లో ఒక అధ్యయనం వెలువరించారు. సభ్యుల వినియోగం, పోషణ మెరుగుపడ్డాయి గానీ, ఆదాయంలో, ఆస్తుల్లో పెరుగుదలకు ఆధారం కనిపించలేదని వారు తేల్చారు. మీ ఎక్స్‌టర్నల్ ఈ రంగంలోని మనిషి అయితే ప్రశ్న ఇలా వస్తుంది: "పోలిక సమూహంతో, పెద్ద నమూనాతో చేసినవాళ్లకు ఆదాయంలో మార్పు కనిపించలేదు. మీకు 75 శాతం కనిపించింది. ఎవరు సరి?" దీనికి "వారిది పాతది, నాది కొత్తది" అన్న జవాబు చాలదు. వారు చూసినది కార్యక్రమం మొదటి ఏళ్లను, మీరు చూసినది సంఘాలు పాతబడి బ్యాంకు రుణాలు పెద్దవైన కాలాన్ని అన్న వాదన ఉంది, కానీ దాన్ని నిలబెట్టాలంటే మీ డేటాలో ఎక్కువ రుణం తీసుకున్నవారి ఆదాయం ఎక్కువగా పెరిగిందో లేదో చూపించాలి. చూపించలేకపోతే, మీ పద్ధతి ఆ తేడాను పట్టుకోగలిగింది కాదని ఒప్పుకోవడమే మేలు.

అదే అధ్యయనం మీకు ఇంకో విధంగానూ ఉపయోగపడుతుంది. కార్యక్రమం నడిచిన ప్రాంతాల్లో సభ్యులు కాని మహిళల సాధికారత కూడా పెరిగిందని వారు గమనించారు. అంటే ఒకే ఊరి నుంచి సభ్యులు కానివారిని తీసుకున్నా అది శుభ్రమైన పోలిక అయ్యేది కాదు, సంఘం ప్రభావం వారికీ ఎంతో కొంత పాకి ఉంటుంది. "పోలిక సమూహం పెట్టి ఉంటే సరిపోయేది కదా" అని తేలిగ్గా అన్న ఎగ్జామినర్‌కు, ఏ ఊరి నుంచి పెట్టాలన్నది కూడా చిక్కే అని వినయంగా చెప్పడానికి ఇది పనికొస్తుంది. మీ లోపాన్ని కప్పిపుచ్చడానికి మాత్రం దీన్ని వాడకండి. పోలిక లేకపోవడం లోపమే.

చేతిలో ఉన్న డేటాతో చేయగలిగినది ఒకటుంది. చేరిన సంవత్సరం మీ ప్రశ్నావళిలో ఉండే ఉంటుంది. ఈమధ్యే చేరినవారి ఇప్పటి ఆదాయాన్ని, ఎప్పటినుంచో ఉన్నవారి ఇప్పటి ఆదాయంతో పోల్చి చూడండి. వయసు, భూమి, చదువు ఒకేలా ఉన్నవారి మధ్య పోలిస్తే ఇంకా మంచిది. రెండూ 2019 రూపాయలే కాబట్టి ధరల సమస్య ఉండదు, జ్ఞాపకం సమస్యా ఉండదు. పాతవారి ఆదాయం స్పష్టంగా ఎక్కువగా ఉంటే మీ వాదనకు కొంత బలం వస్తుంది. తేడా లేకపోతే అది కూడా తెలుసుకునే వైవాకు వెళ్లాలి. ఈ పట్టికను ప్రజెంటేషన్‌లో కొత్త ఫలితంగా పెట్టకండి, ఎందుకంటే ఎగ్జామినర్లు చదివి ఆమోదించిన థీసిస్‌లో అది లేదు. ఒక కాగితం మీద ముద్రించి ఫైల్లో ఉంచుకుని, అడిగితే బయటికి తీయండి.

ఎవరి గురించి మాట్లాడుతున్నారు? మూడోది నమూనా. దీని మీద తక్కువ మాటల్లో తేలిపోతుంది గానీ, 320 అన్న సంఖ్య ఎలా వచ్చిందన్న ప్రశ్న తప్పదు. మన థీసిస్‌లలో ఎక్కువగా 1970 నాటి క్రెజ్సీ–మోర్గన్ పట్టికను ఉదహరిస్తారు. మీరూ అదే చేసి ఉంటే ఒకసారి తెరిచి చూడండి. అందులో 320 అన్నది 1,900 మంది జనాభాకు చెప్పిన నమూనా. జిల్లాలో సభ్యులు లక్షల్లో ఉంటే పట్టిక చెప్పేది 380 పైచిలుకు. పట్టికకూ మీ సంఖ్యకూ పొంతన లేకపోతే ఎక్స్‌టర్నల్ కన్నా ముందు మీరే గమనించి ఉండాలి. నిజానికి ఊరికి 20 మంది చొప్పున 16 ఊళ్లకు వెళ్లగలిగారు కాబట్టి 320 అయింది. అది చెప్పడంలో తప్పు లేదు.

పైగా ఆ పట్టిక ఒక్కొక్కరినీ విడివిడిగా లాటరీ తీసినట్టు ఎంపిక చేశారని అనుకుంటుంది. మీరు ఊళ్లను ఎంచుకుని ఊళ్లో 20 మందిని తీసుకున్నారు. ఒకే ఊరివాళ్లకు వర్షం ఒకటే, కూలి రేటు ఒకటే, బ్యాంకు శాఖ ఒకటే, కాబట్టి వారి జవాబులు కొంతవరకు ఒకేలా ఉంటాయి. ఆ సారూప్యం చాలా స్వల్పంగా, 0.05 మాత్రమే ఉందనుకున్నా, ఊరికి 20లో ఒకటి తీసేయగా మిగిలిన 19ని 0.05తో గుణించి ఒకటి కలిపితే 1.95 వస్తుంది. 320ని దానితో భాగిస్తే, మీ 320 మంది సమాచారం విలువలో సుమారు 164 మందితో సమానమన్నమాట. అంటే టి–టెస్ట్‌లో వచ్చిన ప్రామాణిక దోషం ఉండవలసిన దానికన్నా తక్కువగా వచ్చి ఉంటుంది. ఈ చిన్న లెక్క తెలిసి ఉంటే నమూనా మీద ఎంత లోతుగా అడిగినా తట్టుకోగలరు.

జాబితా ఎక్కడి నుంచి తెచ్చారన్నది ఇంకా ముఖ్యం. మండల సమాఖ్య కార్యాలయం ఇచ్చిన జాబితాలో సాధారణంగా ప్రస్తుతం నడుస్తున్న సంఘాలే ఉంటాయి. మూతపడ్డ సంఘాలు, అప్పు కట్టలేక బయటికి వెళ్లినవారు అందులో కనిపించరు. నష్టపోయినవారు లేని జాబితా నుంచి నమూనా తీస్తే సగటు మెరుగ్గానే వస్తుంది, కాబట్టి ఇది కూడా ఫలితాన్ని పెంచి చూపించే లోపమే. దీన్ని ఒప్పుకున్నాక నిలబడే మాట ఏమిటంటే: "నా ఫలితాలు ఈ 16 గ్రామాల్లో 2019 నాటికి క్రియాశీలంగా ఉన్న సంఘాల సభ్యులకు వర్తిస్తాయి."

మీ మొదటి అధ్యాయంలో "అధ్యయన పరిమితులు" అన్న భాగం ఉంటుంది, అందులో బహుశా "సమయం, ధనం పరిమితుల వల్ల అధ్యయనం ఒక జిల్లాకే పరిమితమైంది" అని ఉంటుంది. ప్రతి థీసిస్‌లోనూ ఉండే ఆ వాక్యాన్ని వైవాలో ఉదహరించకండి. పైన చెప్పిన లోపాల్లో ఒక్కటి కూడా జిల్లా సంఖ్యకు సంబంధించింది కాదు. నాలుగు జిల్లాల్లో చేసినా అవే ఉండేవి.

ఒక మంచి జవాబు ఎలా ఉంటుందో నేను విన్నది చెబుతాను. మధ్యాహ్న భోజనం వల్ల బడి హాజరు పెరిగిందన్న థీసిస్ అది. హాజరు పట్టీల్లో సంఖ్యలు పెంచి రాస్తారు కదా అని ఎక్స్‌టర్నల్ అడిగారు. ఆ అమ్మాయి అవునంది. బియ్యం కేటాయింపు హాజరును బట్టి ఉంటుంది కాబట్టి, పెంచి రాయాలన్న ఆశ పథకంతోనే పుట్టిందని, అందువల్ల పట్టీల ఆధారంగా వచ్చిన పెరుగుదల అసలుకన్నా ఎక్కువేనని చెప్పింది. తను వెళ్లిన రోజు తలలు లెక్కపెట్టిన బడుల వివరాలు ఫలానా పట్టికలో ఉన్నాయని, తన ముగింపు వాటి మీదే ఆధారపడిందని పేజీ చెప్పింది. ఎక్స్‌టర్నల్ ఆ పేజీ తీసి చూసి తల ఊపారు. లోపం ఎటు లాగుతోందో, దానికి కారణం ఏమిటో ఆమె ముందే ఆలోచించి పెట్టుకుంది.

సాధన ఎలా చేయాలంటే, ప్రతి లోపానికి ఒక పేజీ కేటాయించి పైన ప్రశ్నను ఎగ్జామినర్ గొంతుతో, ఎంత కటువుగా రాయగలిగితే అంత కటువుగా రాయండి. కింద నాలుగైదు వాక్యాల్లో జవాబు రాసి, బయటికి చదవండి. నిమిషంన్నర దాటితే అందులో సంజాయిషీ చేరిందని అర్థం, దాన్ని కోసేయండి. "అయితే", "కానీ" లతో మొదలయ్యే వాక్యాలు రెండు కన్నా ఎక్కువ ఉన్నా అదే సంగతి. తర్వాత మీ అంశం తెలియని మరో విభాగం అధ్యాపకుడిని కూర్చోబెట్టి అడగమనండి. సహ స్కాలర్లు మొహమాటపడతారు, గైడ్‌కు జవాబులు ముందే తెలుసు. బయటివాడు మాత్రం "మీకు 7,000 అని ఎలా తెలుసు?" లాంటి మొరటు ప్రశ్న వేస్తాడు, అవే పనికొస్తాయి.

వైవా రోజు మీ గైడ్ మీ తరఫున జవాబు చెప్పబోతే ఇబ్బందిగా ఉంటుంది. మన దగ్గర గైడ్ కూడా బోర్డులో సభ్యుడే కాబట్టి అలా జరుగుతూనే ఉంటుంది. ఆయన మాట పూర్తయ్యాక "సార్ చెప్పినదానికి ఒక్క అంకె జోడిస్తాను" అని అందుకోండి. లోపం గురించిన జవాబు స్కాలర్ నోటి నుంచి రాకపోతే, దాన్ని ఆలోచించింది ఎవరన్న అనుమానం బోర్డుకు మిగిలిపోతుంది. అసలు తెలియని ప్రశ్న వస్తే "దాన్ని నా డేటాతో తేల్చలేను" అనండి, వెంటనే ఏ డేటా ఉంటే తేలేదో చెప్పండి. మీ విషయంలో అది, చేరకముందే ఒకసారి, చేరాక ఇంకోసారి అదే కుటుంబాలను కలిసే సర్వే.

చివరగా ఒక పని వైవాకు ముందే చేసుకోండి. ముగింపు అధ్యాయంలో "వల్ల", "కారణంగా" అని రాసిన వాక్యాలన్నీ గుర్తించి, ఒక్కోదానికి సవరించిన రూపం పక్కన రాసి, పేజీ సంఖ్యలతో ఒక కాగితం తయారుచేయండి. "సంఘంలో చేరడం వల్ల ఆదాయం 75 శాతం పెరిగింది" అన్నచోట "క్రియాశీల సంఘాల సభ్యుల నిజ ఆదాయం, వారి జ్ఞాపకం ప్రకారం, చేరిన తర్వాత పెరిగింది" అని ఉంటుంది. బోర్డు సవరణలు కోరితే ఆ కాగితాన్ని అక్కడికక్కడే ఇవ్వవచ్చు. అవార్డు ప్రకటనకు ముందు మీ థీసిస్ ఎలక్ట్రానిక్ ప్రతి ఇన్‌ఫ్లిబ్‌నెట్‌కు వెళ్లి శోధగంగలో చేరుతుంది కాబట్టి, సవరించిన వాక్యాలు ఆ ప్రతిలోకి ఎక్కాయో లేదో అప్‌లోడ్‌కు ముందు మీరే ఒకసారి తెరిచి చూసుకోండి.